పాట చెవిలో, మాట కారులో: ఫోను కాల్ శబ్దం దారి తప్పితే ఏం చేయాలి

ఇయర్‌బడ్స్‌లో పాట చక్కగా వినిపిస్తూ ఉంటుంది. కాల్ ఎత్తగానే అవతలివారి గొంతు ఫోను స్పీకరులోంచి వస్తుంది, లేదా అసలు ఎక్కడా వినిపించదు. పాట వస్తోంది కాబట్టి ఇయర్‌బడ్స్ సరిగ్గానే కలిసి ఉన్నాయని, తప్పు అవతలివారి ఫోనులోనో సిగ్నల్‌లోనో ఉందని చాలామంది తేల్చేసుకుంటారు. నాకు తెలిసినంతలో ఎక్కువ మంది ఇబ్బంది పడేది ఇక్కడే. పాట వచ్చిందంటే పాట వచ్చే దారి బాగుందని మాత్రమే అర్థం. కాల్ వెళ్లే దారి అది కాదు.

బ్లూటూత్‌లో ఈ రెండింటికీ వేర్వేరు ఏర్పాట్లు ఉంటాయి. పాటలకు, వీడియోలకు వాడే పద్ధతిని సాంకేతికంగా ఏ2డీపీ అంటారు. అందులో శబ్దం ఫోను నుంచి చెవి వైపు ఒక్కదిక్కుగానే వెళుతుంది. ఇయర్‌బడ్స్‌లోని మైకుకు అందులో చోటే లేదు. మాట్లాడాలంటే శబ్దం రెండు వైపులా నడవాలి. దానికోసం హెచ్‌ఎఫ్‌పీ అనే వేరే పద్ధతి ఉంది. కాల్ మొదలవగానే ఫోను మొదటి దారిని ఆపి రెండో దారిని తెరుస్తుంది. ఈ మార్పిడికి కొద్ది క్షణాలు పడుతుంది. మనం ఎత్తీ ఎత్తగానే అన్న మొదటి ‘హలో’ అవతలివారికి వినపడకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. అది జబ్బు కాదు, దాని గురించి కంగారు పడనక్కరలేదు.

కాల్‌లో ఇయర్‌బడ్స్ శబ్దం కాస్త మందంగా, రేడియోలో మాటలా మారిపోవడం కూడా ఈ మార్పిడి వల్లే. పాట సాధారణంగా సెకనుకు 44,100 శబ్ద నమూనాలతో వస్తుంది. కాల్ దారిలో పాత పద్ధతి ప్రకారం 8,000, దాని తర్వాత వచ్చిన మెరుగైన పద్ధతిలో 16,000 నమూనాలే వస్తాయి. మరీ కొత్త పరికరాలు కొన్ని ఇంతకంటే మెరుగ్గా పంపగలవు, కానీ అందుకు ఫోను, ఇయర్‌బడ్స్ రెండూ ఆ పద్ధతి తెలిసినవై ఉండాలి.

ఈ తేడా మనసులో పెట్టుకుంటే మొదట చూడవలసిన చోటు తెలిసిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోనులో బ్లూటూత్ సెట్టింగ్స్ తెరిచి, మీ ఇయర్‌బడ్స్ పేరు పక్కన ఉన్న పళ్లచక్రం గుర్తును నొక్కండి. అక్కడ `Phone calls`, `Media audio` అని రెండు మీటలు విడివిడిగా కనిపిస్తాయి. కొన్ని ఫోన్లలో మొదటిదాని పేరు `Calls` అని మాత్రమే ఉంటుంది. పాటలు వస్తూ కాల్స్ రాకపోతే చాలాసార్లు ఆ మొదటి మీట ఆగిపోయి ఉంటుంది. ఎవరో పొరపాటున ఆపి ఉండవచ్చు, ఒక్కోసారి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత అది నిలబడకపోవచ్చు. తిరిగి నొక్కగానే వెలగకపోయినా, వెలిగి వెంటనే ఆరిపోయినా ఫోనుకూ ఇయర్‌బడ్స్‌కూ మధ్య కాల్ దారి కుదరడం లేదని అర్థం. అప్పుడు పాత జతను చెరిపి కొత్తగా కలపాలి. అది ఎలాగో కింద చెబుతాను.

మొదటిసారి జత చేసేటప్పుడు ఫోను ఒక ప్రశ్న అడుగుతుంది: పరిచయాల జాబితాను, కాల్ చరిత్రను ఈ పరికరానికి చూపించాలా అని. వద్దన్నందుకే కాల్స్ రావడం లేదేమోనని కొందరు భయపడతారు. ఆ అనుమతి పేర్లు, నంబర్లు చూపించడానికి మాత్రమే. వద్దన్నా మాట్లాడే శబ్దానికి అడ్డు ఉండదు.

కాల్ ఎక్కడికి వెళ్లాలో ఎవరు నిర్ణయిస్తారు

మీట వెలిగే ఉంది, అయినా కాల్ వేరేచోట వినిపిస్తోంది. అప్పుడు వేసుకోవలసిన ప్రశ్న, ఫోనుకు ఈ క్షణంలో ఎన్ని చోట్లు అందుబాటులో ఉన్నాయి అని. చెవి దగ్గరి చిన్న స్పీకరు, కింద ఉన్న పెద్ద స్పీకరు, ఇయర్‌బడ్స్, చేతి గడియారం, కారు, ఇలా చాలా ఉండవచ్చు. కాల్ నడుస్తుండగా తెరమీద స్పీకరు లేదా ఆడియో బొమ్మ ఉన్న బటన్‌ను నొక్కితే ఈ జాబితా మొత్తం కనిపిస్తుంది. ఎంచుకున్న చోటు పక్కన గుర్తు ఉంటుంది. శబ్దం దారి తప్పినప్పుడు నేను ముందుగా చూడమనేది దీన్నే, ఎందుకంటే ఫోను తన నిర్ణయాన్ని మనకు నేరుగా చెప్పే చోటు ఇదొక్కటే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇల్లాలు వంటింట్లో ఉంది, చెవిలో ఇయర్‌బడ్స్, ఫోను గట్టుమీద. అమ్మతో మాట్లాడుతోంది. భర్త బయట పోర్టికోలో కారు స్టార్ట్ చేశాడు. ఉన్నట్టుండి ఆమెకు అమ్మ గొంతు ఆగిపోయింది. “అమ్మా, వినిపిస్తోందా?” అని అడుగుతూనే ఉంది. అమ్మకూ ఈమె మాట అందడం లేదు. బయట కారు స్పీకర్లలోంచి మాత్రం అత్తగారి గొంతు గట్టిగా వినిపించి భర్త ఉలిక్కిపడ్డాడు. “అత్తయ్యగారూ, నేను మాట్లాడుతున్నాను. మీ కాల్ కారులోకి వచ్చేసింది” అన్నాడు. ఆవిడకు అది స్పష్టంగా వినిపించింది.

ఇందులో ఏ వస్తువూ పాడవలేదు. ఆ కారుకు ఎప్పుడో ఒక ప్రయాణంలో ఇల్లాలి ఫోనును కూడా జత చేశారు. కారు స్టార్ట్ కాగానే దాని బ్లూటూత్ తనకు తెలిసిన ఫోన్ల కోసం వెతుకుతుంది. సాధారణంగా పది మీటర్ల దూరం వరకు అది పట్టుకోగలదు, మధ్యలో ఒకటి రెండు గోడలున్నా అందవచ్చు. భర్త ఫోను కంటే ఈమె ఫోను ముందు దొరికితే దానితోనే కలుస్తుంది. చాలా ఫోన్లు చివరగా వచ్చి కలిసిన పరికరాన్నే యజమాని కోరుకుంటున్నాడని భావిస్తాయి. అందుకే నడుస్తున్న కాల్‌ను తీసుకెళ్లి కారుకు అప్పగిస్తాయి. మాట ఒక్కటే కాదు, మైకు కూడా కారుదే అవుతుంది. భర్త మాట అత్తగారికి అందడం, ఇల్లాలి మాట అందకపోవడం అందువల్లే.

ఆ క్షణానికి చేయవలసింది చిన్నదే. కాల్ తెరమీద ఆడియో బటన్ నొక్కితే జాబితాలో కారు పేరు పక్కన గుర్తు కనిపిస్తుంది. ఇయర్‌బడ్స్ పేరును నొక్కితే మాట వెనక్కి వస్తుంది. శాశ్వతంగా సరిచేయాలంటే ఇల్లాలి ఫోనులో బ్లూటూత్ సెట్టింగ్స్‌కు వెళ్లి, కారు పేరు పక్కనున్న పళ్లచక్రం నొక్కి, `Phone calls` మీటను ఆపేయాలి. ఇయర్‌బడ్స్ దగ్గర ఆ మీటను అలాగే ఉంచాలి. ఇక ఆమె ఫోను కారుకు పాటలు పంపుతుంది, కాల్స్ పంపదు. ఆమె కూడా ఆ కారు నడిపేవారైతే ఈ పని చేయకూడదు. నడుపుతూ కాల్ వస్తే కారులో వినపడదు, చేయి ఫోను మీదికి పోతుంది. అలాంటప్పుడు మీటను ఉంచేసి, ఇంట్లో ఉన్నప్పుడు కాల్ తెరమీదే దారి మార్చుకోవడం మంచిది.

ఐఫోనులో ఒక్కో పరికరానికి ఇలా కాల్స్‌కు, పాటలకు విడి మీటలు ఉండవు. అక్కడ కారు జతను తీసేయడం ఒక మార్గం. చాలా కార్ల తెరమీద జత చేసిన ఫోన్ల జాబితాలో, ఏ ఫోనును కాల్స్‌కు వాడాలో, దేన్ని పాటలకు వాడాలో ఎంచుకునే వీలు ఉంటుంది. ఐఫోను ఉన్నవాళ్లు దాన్ని వెతికి చూడాలి.

మీ ఇంట్లో సమస్య నిజంగా కారేనా అని తేల్చుకోవడం కూడా కష్టమేమీ కాదు. కారు ఆపి ఉన్నప్పుడు, ఇంట్లో మరే బ్లూటూత్ వస్తువూ ఫోనుకు కలిసి లేనప్పుడు ఒక కాల్ చేయండి. ఇయర్‌బడ్స్‌లో బాగా వినిపిస్తే వాటిలో లోపం లేదు, రెండో పరికరమే కాల్‌ను లాక్కుంటోంది. అప్పటికీ రాకపోతే కారును మరచిపోయి ముందుకు వెళ్లవచ్చు.

ఐఫోను గురించే ఇంకొకటి చెప్పాలి. సెట్టింగ్స్‌లో `Accessibility`, అందులో `Touch`, అందులో `Call Audio Routing` అని ఒక అంశం ఉంది. కాల్ ఎప్పుడూ ఎక్కడ వినిపించాలో చెప్పే చోటు అది: `Automatic`, `Bluetooth Headset`, `Speaker` అని మూడు ఎంపికలుంటాయి. చెవి సరిగా వినపడని పెద్దవాళ్ల కోసం ఎవరో ఒకసారి `Speaker` పెట్టి ఉంటారు, తర్వాత ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆ ఫోనుకు ఎంత ఖరీదైన ఇయర్‌బడ్స్ కొనిచ్చినా కాల్ మొదలవగానే పెద్ద స్పీకరులోనే మోగుతుంది. ఇయర్‌బడ్స్ వాడేవారు దాన్ని `Automatic`కు గాని, `Bluetooth Headset`కు గాని మార్చుకోవాలి.

మామూలు కాల్ సరే, వాట్సాప్ కాల్ మాత్రం రాదు

సిమ్ కాల్స్ ఇయర్‌బడ్స్‌లో చక్కగా వస్తూ, వాట్సాప్ వంటి యాప్‌ల కాల్స్ మాత్రం ఫోనులోనే వినిపిస్తే ఆనందించండి, వెతకవలసిన చోటు బాగా చిన్నదైపోయింది. బ్లూటూత్ కాల్ దారి బాగుందని సిమ్ కాల్ ఇప్పటికే రుజువు చేసింది. మిగిలింది ఆ యాప్ ఒక్కటే.

సిమ్ కాల్‌ను ఎటు పంపాలో ఫోను వ్యవస్థే చూసుకుంటుంది. యాప్ కాల్‌లో మాత్రం ఏ పరికరం కావాలో యాప్ స్వయంగా అడగాలి. ఆండ్రాయిడ్ 12 నుంచి ఒక కొత్త నియమం వచ్చింది. దగ్గరలోని బ్లూటూత్ పరికరాలతో వ్యవహరించాలంటే యాప్‌కు `Nearby devices` అనే అనుమతి ఉండాలి. మొదటి కాల్ సమయంలో తెరమీద ఆ ప్రశ్న వచ్చినప్పుడు, చుట్టుపక్కల పరికరాలతో ఈ యాప్‌కు ఏం పని అనుకుని చాలామంది వద్దని నొక్కేస్తారు. అలా అనుకోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతున్నారో అక్కడే ఒక్క వాక్యంలో సరిగా చెప్పకపోవడం తయారీదారుల లోపమని నా అభిప్రాయం. ఫలితంగా ఇయర్‌బడ్స్ చెవిలోనే ఉన్నా యాప్ కాల్ జాబితాలో వాటి పేరు కనిపించకపోవచ్చు.

సెట్టింగ్స్‌లో `Apps`లోకి వెళ్లి, ఆ యాప్‌ను ఎంచుకుని, `Permissions` తెరిస్తే `Nearby devices` ఏ వరుసలో ఉందో కనిపిస్తుంది. `Allow` చేసి, యాప్‌ను పూర్తిగా మూసి, మళ్లీ తెరిచి ఒక కాల్ చేసి చూడండి. అదే తెరలో మైకు అనుమతి కూడా చూసుకోండి. ఒకవైపే వినిపించే కాల్ గురించి చెప్పేటప్పుడు దాని అవసరం వస్తుంది.

చెవిలో ఉందో పెట్టెలో ఉందో ఇయర్‌బడ్‌కే తెలియనప్పుడు

చాలా ఇయర్‌బడ్స్‌లో చెవిని పసిగట్టే చిన్న సెన్సరు ఉంటుంది. చెవిలోంచి తీయగానే పాట ఆగడం, కాల్ ఫోనుకు మారడం దాని పనే. ఆ సెన్సరు మీద గులిమి, చెమట, నూనె పేరుకుంటే చెవిలో ఉన్నా లేనట్టే లెక్క వేస్తుంది. మాట్లాడుతుండగా తల తిప్పినప్పుడల్లా కాల్ ఫోనుకూ చెవికీ మధ్య ఊగిసలాడుతుంటే అనుమానించవలసింది దీన్నే. మెత్తటి పొడి గుడ్డతో తుడిచి, ఇయర్‌బడ్స్ యాప్‌లో చెవిని గుర్తించే సదుపాయాన్ని తాత్కాలికంగా ఆపి చూడండి. ఆపాక ఊగిసలాట పోతే కారణం తేలినట్టే. యాపిల్ ఎయిర్‌పాడ్స్‌లో ఈ మీట పేరు `Automatic Ear Detection`.

దీనికి తలకిందులుగా జరిగే ఇబ్బంది మరింత చిరాకు పెడుతుంది. ఇయర్‌బడ్స్‌ను పెట్టెలో పెట్టి మూత వేశాం. కాల్ వచ్చింది, ఎత్తాం, అవతల నిశ్శబ్దం. ఇయర్‌బడ్ తాను పెట్టెలో ఉన్నానని సాధారణంగా తెలుసుకునేది చార్జింగ్ అందే చిన్న లోహపు బిందువుల ద్వారా. ఆ బిందువుల మీద మురికి ఉంటే చార్జింగ్ అందదు, పెట్టెలో ఉన్న సంగతీ తెలియదు. ఫోనుతో కలిసే ఉంటుంది, కాల్ దానిలోకే వెళుతుంది. మూత వేసిన పెట్టెలో ఎవరికీ వినపడకుండా అవతలివారి మాట మోగుతుంటుంది. గుర్తుపట్టడం తేలికే: పెట్టె మూసి ఉన్నా ఫోను తెరమీద ఇయర్‌బడ్స్ కలిసి ఉన్నట్టు చూపిస్తుంది, ఒక ఇయర్‌బడ్‌లో చార్జింగ్ తరచూ రెండోదానికంటే ముందు ఖాళీ అవుతుంది. పెట్టెలోని బిందువులను, ఇయర్‌బడ్ కాడ మీది బిందువులను పొడి దూదిపుల్లతో రుద్దండి. మొండి మురికైతే దూదిపుల్లకు కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపి తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. నీళ్లు వాడకండి, సూదితో గీకకండి.

ఇయర్‌బడ్స్ లాప్‌టాప్‌తోనో టాబ్లెట్‌తోనో కలిసి ఉండిపోవడం వేరే సంగతి. ఒకేసారి రెండు పరికరాలతో కలిసే శక్తి, అంటే మల్టీపాయింట్, అన్ని ఇయర్‌బడ్స్‌కూ ఉండదు. లేనివాటిని లాప్‌టాప్ పట్టుకుని ఉన్నంతసేపూ ఫోనుకు అవి కనిపించనే కనిపించవు. కాల్ జాబితాలో వాటి పేరు లేకపోవడమే దానికి గుర్తు. లాప్‌టాప్‌లో బ్లూటూత్ ఆపితే ఫోను వాటిని అందుకుంటుంది. ఎయిర్‌పాడ్స్ ఐఫోనుకూ ఐప్యాడ్‌కూ మధ్య వాటంతటవే దూకుతుంటే, ఆ ఎయిర్‌పాడ్స్ సెట్టింగ్స్‌లో `Connect to This iPhone` అన్నచోట `Automatically` బదులు `When Last Connected to This iPhone` పెట్టుకోవాలి. ఐప్యాడ్‌లోనూ అలాగే మార్చాలి. ఒక్కచోటే మారిస్తే సగం దూకుడే తగ్గుతుంది.

నాకు వినిపిస్తోంది, వాళ్లకు వినిపించడం లేదు

ఒకవైపే వినిపించే కాల్‌ను బాగుచేయడానికి చాలామంది మొదట ఫోనును రీస్టార్ట్ చేస్తారు. కొన్నిసార్లు ఫలిస్తుంది కూడా. కానీ ఎందుకు ఫలించిందో తెలియకపోతే రేపు అదే బాధ మళ్లీ వస్తుంది. కాల్‌లో మన మాట వెళ్లే ప్రవాహం, అవతలి మాట వచ్చే ప్రవాహం రెండూ వేర్వేరు. ఒకటి ఆగినా రెండోది నడుస్తుంది. కాబట్టి ఆగింది ఏ ప్రవాహమో, ఎక్కడ ఆగిందో కనిపెట్టాలి. కాల్ పెట్టేయకుండానే ఆ పని చేయవచ్చు.

మన మాట వాళ్లకు అందడం లేదనుకుందాం. కాల్ అలాగే ఉంచి, ఆడియో జాబితాలో ఇయర్‌బడ్స్ నుంచి ఫోనుకు మారండి. ఇప్పుడు వాళ్లకు వినిపిస్తే నెట్‌వర్క్ నిర్దోషి, ఫోను మైకు నిర్దోషి. తప్పు ఇయర్‌బడ్స్ మైకులో గాని, దాని ఎంపికలో గాని ఉంది. ఎయిర్‌పాడ్స్ వాడేవారు సెట్టింగ్స్‌లో `Microphone` అంశం చూడాలి. అక్కడ ఎప్పుడూ ఎడమదే, లేదా ఎప్పుడూ కుడిదే అని పెట్టి ఉంటే, ఆ ఇయర్‌బడ్ చెవిలో లేకపోయినా, పెట్టెలో మూసి ఉన్నా మైకుగా దాన్నే వాడుతుంది. కుడిచెవికి ఒక్కటే పెట్టుకుని మాట్లాడే అలవాటున్న మనిషికి మైకు ఎడమదానికి కట్టేసి ఉంటే, ఆయనకు అందరూ వినిపిస్తారు, ఆయన ఎవరికీ వినిపించరు. `Automatically Switch AirPods` అని మార్చగానే బాగవుతుంది.

ఫోనుకు మార్చినా వాళ్లకు వినిపించలేదనుకోండి. కాల్ ముగించి, బ్లూటూత్ ఆపి, ఫోనులోని వాయిస్ రికార్డర్‌లో నాలుగు మాటలు రికార్డు చేసి వినండి. స్పష్టంగా ఉంటే కింది మైకు పనిచేస్తోంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈనాటి ఫోన్లలో సాధారణంగా ఒకటి కంటే ఎక్కువ మైకులు ఉంటాయి. చెవికి ఆనించి మాట్లాడితే ముఖ్యంగా కిందిదాన్ని, స్పీకరు పెడితే కొన్ని ఫోన్లు పైదాన్ని వాడతాయి. చెవికి పెట్టుకుంటే వినిపిస్తూ, స్పీకరు పెట్టగానే వాళ్లకు మన మాట పోతుంటే ఫోను పైఅంచున ఉన్న చిన్న రంధ్రాన్ని చూడండి. దుమ్ము మూసి ఉండవచ్చు, కొత్తగా వేసిన కవరు కప్పేసి ఉండవచ్చు. కవరు తీసి మళ్లీ మాట్లాడటమే పరీక్ష. మెత్తటి కుంచెతో దులపండి. ఆ రంధ్రంలో పిన్ను గుచ్చితే లోపలి మైకు పొర చిరిగిపోతుంది, అప్పుడు మార్చడం తప్ప దారి ఉండదు.

రికార్డింగ్‌లో పూర్తి నిశ్శబ్దం ఉంటే మైకు చెడిపోయిందని వెంటనే అనుకోవద్దు. ఆండ్రాయిడ్ 12 నుంచి పైనుంచి కిందికి జరిపే తెరలో `Mic access` అనే బటన్ ఉంది. అది ఆగి ఉంటే యాప్‌లకు మైకు నుంచి నిశ్శబ్దమే అందుతుంది. పిల్లలు ఫోను ఆడుకుంటూ నొక్కేస్తే ఆ సంగతి చాలాసేపు ఎవరికీ తెలియదు. రికార్డర్ బాగా పనిచేసి ఒక యాప్‌లో మాత్రమే మన మాట పోతుంటే, ఇందాక చెప్పిన అనుమతుల తెరలో ఆ యాప్‌కు మైకు అనుమతి ఉందో లేదో చూడాలి.

ఈ పరీక్షలన్నీ దాటాక మిగిలేది నెట్‌వర్క్. వాట్సాప్ వంటి కాల్‌లో రింగు మోగడం, ఎత్తడం గురించిన సమాచారం ఒక ప్రవాహంలో వెళుతుంది. అసలు మాటలు ప్రయాణించేది వేరే ప్రవాహంలో, సాధారణంగా యూడీపీ అనే పద్ధతిలో చిన్న చిన్న ప్యాకెట్లుగా. కొన్ని ఆఫీసుల, హాస్టళ్ల వైఫైలలో, కొన్ని వీపీఎన్‌లలో మొదటిదాన్ని వదిలి రెండోదాన్ని ఆపేస్తారు, లేదా ఒక దిక్కులోనే సరిగా పోనిస్తారు. అందుకే రింగు మోగుతుంది, తెరమీద సెకన్లు లెక్క పడుతుంటాయి, మాట మాత్రం రాదు. అమెరికాలోని కొడుకు ఆఫీసు వైఫై మీద నుంచి విజయవాడలోని తల్లికి కాల్ చేసినప్పుడే ఇలా అవుతూ, ఇంటికి వెళ్లి చేస్తే బాగుంటే, తల్లి ఫోను మార్చడం వల్ల ఉపయోగం లేదు. కొడుకు వైఫై ఆపి మొబైల్ డేటా మీద ఒకసారి చేసి చూస్తే తేలిపోతుంది. ఇద్దరూ ఒకేసారి మార్చవద్దు. ఒకరి తర్వాత ఒకరు మారిస్తేనే తప్పు ఎవరి వైపుందో తెలుస్తుంది.

సిమ్ కాల్స్‌లోనే ఒకవైపు మాట పోతుంటే ముందుగా `Wi-Fi calling` ఆపి చూడండి. అది వెలిగి ఉంటే సిమ్ కాల్ కూడా ఇంటి వైఫై గుండానే పోవచ్చు, అప్పుడు రౌటర్ లోపమంతా సిమ్ కాల్‌కూ అంటుకుంటుంది. కాల్‌ను 4జీ మీద పంపే పద్ధతి అయిన వోల్టీని ఆపేయమని కొందరు సలహా ఇస్తారు. జియో వాడేవారికి ఆ సలహా పనికిరాదు. 2016లో మొదలైనప్పటి నుంచీ ఆ నెట్‌వర్క్‌కు పాత 2జీ, 3జీ లేవు, వోల్టీ ఆపితే మామూలు కాల్ వెళ్లడానికి వాటి దారి ఉండదు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌ను ఒకసారి వేసి తీసి టవర్‌కు కొత్తగా కలవనివ్వడం మేలు.

కంప్యూటర్లో ఇదే కథ

విండోస్ 10లో ఒకే ఇయర్‌బడ్స్ రెండు పేర్లతో కనిపించడం చూసి కంగారు పడకండి. `Headphones`, `Stereo` అని ఉన్నది పాటల దారి. `Headset`, `Hands-Free` అని ఉన్నది కాల్ దారి. మీటింగ్ యాప్‌లో వినడానికి మొదటిదాన్ని, మైకుకు రెండోదాన్ని ఎంచుకుంటే చాలాసార్లు మైకు తెరుచుకోగానే వినే శబ్దం ఆగిపోతుంది. రెండింటికీ `Headset` ఎంచుకుంటే మాట నడుస్తుంది, నాణ్యత తగ్గుతుంది. నేను సిఫారసు చేసే పద్ధతి వేరు: వినడానికి ఇయర్‌బడ్స్‌లోని `Headphones`, మైకుకు లాప్‌టాప్ సొంత మైకు. గది ప్రశాంతంగా ఉంటే రెండు వైపులా శబ్దం శుభ్రంగా ఉంటుంది. మీటింగ్ యాప్ తన సెట్టింగ్స్‌లో వేరే పరికరాన్ని పట్టుకుని కూర్చుంటుంది కాబట్టి విండోస్‌లో మార్చితే సరిపోదు, యాప్‌లోనూ మార్చాలి.

జత చెరిపి కలపడం, అందరూ సగమే చేసే పని

పైన చెప్పిన కాల్ మీట నిలబడనప్పుడు, అప్‌డేట్ తర్వాత హఠాత్తుగా కాల్స్ ఆగినప్పుడు ఇది ఉపయోగపడుతుంది. జత చేసినప్పుడు ఫోను, ఇయర్‌బడ్స్ ఒకదాని వివరాలు ఒకటి దాచుకుంటాయి. ఫోనులో `Forget` నొక్కితే ఒకవైపు జ్ఞాపకమే పోతుంది. ఇయర్‌బడ్స్ పాత జతను ఇంకా గుర్తుంచుకుంటాయి. కాబట్టి ఫోనులో తీసేశాక, తయారీదారు చెప్పిన విధంగా ఇయర్‌బడ్స్‌ను రీసెట్ చేయాలి. చాలావాటికి రెండింటినీ పెట్టెలో ఉంచి పెట్టె బటన్‌నో, ఇయర్‌బడ్స్‌నో కొన్ని సెకన్లు నొక్కిపట్టాలి, దీపం రంగు మారడం గుర్తు. అవి పాతగా కలిసి ఉన్న లాప్‌టాప్, టాబ్లెట్‌లలోనూ జతను తీసేయండి. తర్వాత ఫోనును రీస్టార్ట్ చేసి, ఫోనుతో మాత్రమే మొదట కలపండి. కలిపిన వెంటనే పాట వినకుండా ఒక కాల్ చేయండి. ఆ కాల్ నిలిచాకే మిగతా పరికరాలు ఒక్కొక్కటిగా చేర్చండి. ఏది చేరాక కాల్ మళ్లీ దారి తప్పిందో అదే దోషి.

తీగ ఇయర్‌ఫోన్ వాడేవారు పిన్ను మీది నల్లటి గీతలు లెక్కపెట్టాలి. మూడు గీతలుంటే అందులో మైకు ఉంటుంది, రెండే ఉంటే వినడానికి మాత్రమే. రెండు గీతలదాన్ని పెట్టుకున్నప్పుడు మన మాట వెళితే అది ఫోను మైకు నుంచే. తీగ తీసేశాక కూడా తెరమీద హెడ్‌ఫోన్ గుర్తు పోకపోతే, ఆ రంధ్రంలో దూది పోగులు ఇరుక్కుని ఫోను ఇంకా తీగ ఉందనుకుంటోంది. గుర్తు పోయేదాకా కాల్ తనంతట తాను ఫోను స్పీకరులోకి రాదు.

ఇంతా చేశాక సర్వీసు సెంటరుకు వెళ్లవలసి వస్తే, “కాల్స్ పనిచేయడం లేదు” అని చెప్పకండి. “బ్లూటూత్ ఆపినప్పుడు రికార్డర్‌లో నా గొంతు బాగుంది, చెవికి పెట్టుకుంటే వాళ్లకు వినిపిస్తోంది, స్పీకరు పెడితే వినిపించడం లేదు, కవరు తీసినా అంతే” అని చెప్పండి. ఈ ఒక్క వాక్యంతో వాళ్లు పై మైకును నేరుగా పరీక్షిస్తారు. లేకపోతే మొదట చేసేది ఫ్యాక్టరీ రీసెట్, దానితో మీ ఫొటోలు పోతాయి, మైకు అలాగే ఉంటుంది.